రీకౌంటింగా, రీవెరిఫికేషనా, సప్లీయా? ఇంటర్ రిజల్ట్ వచ్చాక ఏది మేలు

రిజల్ట్ వచ్చిన సాయంత్రం విశాఖ ద్వారకానగర్‌లో ఏ నెట్ సెంటర్ ముందు నిలబడినా ఇదే మాట వినిపిస్తుంది, "రీకౌంటింగ్ పెట్టేద్దామండీ, ఎక్కడో తప్పు జరిగింది". తప్పు జరిగే ఉండొచ్చు, కానీ ఏ రకం తప్పు అన్నది ఆలోచించకుండా డబ్బు కట్టేస్తే పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు. ఇక్కడ చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్ ఇంటర్ గురించే. డిగ్రీకి, సీబీఎస్ఈకి రూల్స్ వేరు.

ముందు రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు తేడా తెలియాలి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల్ని మళ్లీ కూడటం, లోపల వేసినవి పై పేజీ మీదకు సరిగ్గా ఎక్కాయో లేదో చూడటం, అంతే. ఇటీవలి సంవత్సరాల్లో దీనికి పేపరుకు 260 రూపాయలు. రీవెరిఫికేషన్‌కు పేపరుకు 1300, ఇందులో దిద్దని జవాబు ఏదైనా మిగిలిపోయిందా అన్నది కూడా చూస్తారు, దిద్దిన పేపరు స్కాన్ కాపీ మన చేతికి వస్తుంది. ఈ రెండూ రీవాల్యుయేషన్ కావు. నాలుగు మార్కుల జవాబుకు రెండే వేశారు, మూడు వేయాల్సింది అన్న వాదన రెంటిలోనూ నిలవదు. రూల్స్‌లో లేని రీవాల్యుయేషన్‌ను హక్కుగా అడగలేమని సుప్రీంకోర్టు 1984లోనే మహారాష్ట్ర బోర్డు కేసులో చెప్పింది. అందుకే "బాగా రాశాను, తక్కువ వేశారు" అన్న బాధ ఎంత నిజమైనా దాని కోసం 1300 కట్టమని నేను ఎవరికీ చెప్పను.

మరి ఎప్పుడు కట్టాలి? లెక్క వేసుకుని చూడాలి. ఒకమ్మాయికి మ్యాథ్స్ 2బిలో 75కి 24 వచ్చాయనుకుందాం, పాస్ మార్కు 26. క్వశ్చన్ పేపరు ముందు పెట్టుకుని కూర్చోమనండి. పూర్తిగా, జవాబు సరిపోయేలా రాసినవే లెక్కలోకి తీసుకోవాలి, సగం రాసినవాటికి సున్నా వేసుకోవాలి. రెండు మార్కులవి ఆరు, అంటే 12. నాలుగు మార్కులవి రెండు, 8. ఏడు మార్కులవి రెండు, 14. మొత్తం 34. ఇంత కఠినంగా లెక్కేసినా 34 వస్తుంటే 24 పడ్డాయి, తేడా 10. మ్యాథ్స్‌లో స్టెప్పులకు మార్కులుంటాయి కాబట్టి అక్కడ ఒకటి ఇక్కడ అర తగ్గితే రెండు మూడు పోతాయి, ఇంటిగ్రేషన్‌లో చివర +C మర్చిపోయినా కోత పడుతుంది. కానీ పది ఒకేసారి పోవడానికి అది చాలదు. ఒక ఏడు మార్కుల ప్రశ్న మొత్తంగా పోయి ఉంటే తప్ప ఈ తేడా రాదు. ఇలాంటప్పుడు నేరుగా రీవెరిఫికేషన్‌కే వెళ్లాలి, 260 వైపు చూడొద్దు, ఎందుకంటే దిద్దని జవాబును కూడికలో వెతికితే దొరకదు.

స్కాన్ కాపీ వచ్చాక ఏం చూడాలంటే, మొదట పేజీలు తిప్పుతూ ప్రతి జవాబు పక్కన మార్కు గానీ సున్నా గానీ ఉందో లేదో చూడాలి. ఖాళీ పేజీ వదిలి ఆ తర్వాత రాసిన జవాబులు, చివరి పేజీల్లో రాసినవి, ప్రశ్న నంబరు వేయడం మర్చిపోయినవి, ఒకే ప్రశ్నను రెండు చోట్ల విడగొట్టి రాసినవి, ఇవే ఎక్కువగా దిద్దేవారి కంట పడకుండా పోతాయి. మన అమ్మాయి నాలుగు బిందువులు ఒకే వృత్తం మీద ఉన్నాయని చూపించే లెక్కను, మధ్యలో ఒక పేజీ వదిలేసి, చివర్లో రాసిందనుకోండి, దాని పక్కన పెన్ను గుర్తే లేదు. దానికి 6 పడితే 24 కాస్తా 30 అవుతుంది, పాస్. మిగతా నాలుగు మార్కులు స్టెప్పుల్లో పోయి ఉంటే వాటిని అడగొద్దు, అడిగితే అసలు విషయం పలచబడిపోతుంది.

కఠినంగా వేసిన లెక్కకు, వచ్చిన మార్కుకు తేడా రెండో మూడో అయితే నా ఓటు సప్లీకే. పాసైన వాళ్లు అప్లై చేయాలా అంటే, మూడు చోట్ల ఆలోచించవచ్చు: ఎన్ఐటీ సీటుకు కావాల్సిన 75 శాతానికి ఒకటి రెండు మార్కుల దూరంలో ఆగిపోతే, ఈఏపీసెట్‌కు కావాల్సిన 45 శాతం గీత దగ్గర ఉంటే (రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40), లేదా ఒక్క పేపరు మాత్రం మిగతావాటితో పొంతన లేకుండా పడిపోతే. ఈఏపీసెట్ ర్యాంకు మెరుగుపడుతుందని మాత్రం ఆశ పెంచుకోవద్దు. 2025లో చూస్తే, ఎంపీసీ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కుల్ని 25కి కుదించారు, అంటే ఇంటర్లో 6 పెరిగితే అక్కడ పావు మార్కు.

ఇప్పుడు చాలామంది ఇబ్బంది పడే చోటు. రీవెరిఫికేషన్ పెట్టాం కదా, సప్లీ ఫీజు ఎందుకు అని ఊరుకుంటారు. 2025లో రిజల్ట్ ఏప్రిల్ 12న వచ్చింది, రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ గడువు ఏప్రిల్ 22, సప్లీ ఫీజు గడువూ ఏప్రిల్ 22, పరీక్షలు మే 12 నుంచి. రెండు తలుపులూ ఒకే రోజు మూసుకున్నాయి, కాబట్టి ఫెయిలైన పేపరుకు రెండూ కట్టాలి, చదవడం ఆపకూడదు. గాజువాక నుంచో పెందుర్తి నుంచో పిల్లాడు ఆశ పెట్టుకుని నెల రోజులు పుస్తకం ముట్టకుండా కూర్చుంటే ఆ నష్టం 1300 కన్నా చాలా పెద్దది.

ఆర్టీఐ కింద అడిగితే పది రూపాయలకే పేపరు చూడొచ్చు కదా అని కొందరంటారు. నిజమే, దిద్దిన పేపరు చూసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పిచ్చింది. కానీ జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, పైగా ఆ దారిలో కాపీ వస్తుందే తప్ప మార్కు దానంతట అది మారదు. సప్లీ ముంగిట అది పనికిరాదు, తర్వాత తెలుసుకోవడానికైతే మంచిదే.

స్కాన్ కాపీలో నిజంగా లోపం కనబడి, అప్పటికీ మార్కు మారకపోతే ప్రిన్సిపాల్ గారి ద్వారా ఇంటర్ బోర్డుకు ఉత్తరం పెట్టాలి. ముందు కాలేజీలో లెక్కలు చెప్పే సారుకు కాపీ చూపించండి, "సార్, ఈ పేజీ ఒక్కసారి చూస్తారా, నేను పొరపాటు పడ్డానేమో" అని అడగండి. ఆయన కూడా అవునంటే మీ మాటకు బలం వస్తుంది. ఉత్తరం ఇంత చాలు:

"గౌరవనీయులైన అధికారి గారికి, నా హాల్‌టికెట్ నంబరు ఫలానా. మ్యాథ్స్ 2బి జవాబు పత్రం స్కాన్ కాపీలో 19వ పేజీలో 20వ ప్రశ్నకు రాసిన జవాబు పక్కన మార్కు గానీ సున్నా గానీ కనిపించలేదు. ఆ జవాబు దిద్దారో లేదో దయచేసి పరిశీలించగలరు. ఆ పేజీ కాపీ, రీవెరిఫికేషన్ రసీదు జతచేశాను."

ఇందులో నిర్లక్ష్యం, అన్యాయం లాంటి మాటలు లేవు చూడండి. మర్యాద కోసం మాత్రమే కాదు, ఆ మాట రాయగానే చదివేవారి దృష్టి పేజీ నంబరు మీంచి వాదన మీదకు పోతుంది. మార్కులు కలపమని కూడా అడగలేదు, చూడమని మాత్రమే అడిగాం, అది వాళ్లు కాదనలేని పని. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వారం తర్వాత వెళ్లినప్పుడు "ఏమైంది" అని కాకుండా "సార్, ఈ తేదీన ఇచ్చాను, ఇంకేమైనా కాగితం కావాలా" అని అడిగితే, ఫైలు ఎక్కడ ఆగిందో వాళ్లే చెబుతారు.