ఆట పేరు చెప్పకుండా ఆట అడగడం: కొన్నేళ్ల వాడకం తర్వాత

బోర్డు గేము కొనేముందు నలుగురిని అడగడం నాకు అలవాటు. ఒకప్పుడు "మాకు కటాన్ నచ్చింది, అలాంటిది ఇంకోటి చెప్పండి" అనేవాణ్ణి. కొన్నేళ్లుగా పేరు ఎత్తడం లేదు. ఆటలో మేం ఏం చేస్తూ ఉండాలి, ఏ క్షణంలో ఏమనిపించాలి, ఏది అస్సలు వద్దు అనేవి మాత్రం చెప్తున్నాను. ఈ పద్ధతి నాకు బాగానే పనికొచ్చింది, కొన్ని షరతులతో.

కటాన్ 1995లో వచ్చిన ఆట. దాని లోపల మూడు నాలుగు ఆటలున్నాయి. రెండు పాచికలు వేస్తే వచ్చిన మొత్తాన్ని బట్టి ఇటుక, కలప, గొర్రె లాంటి సరుకులు చేతికొస్తాయి. వాటితో రోడ్లు, ఊళ్లు కట్టి పక్కవాడి దారి మూసేయొచ్చు. లేని సరుకు కోసం మిగతావాళ్లతో బేరమాడొచ్చు. 7 పడితే దొంగ కదులుతాడు, చేతిలో ఏడు కంటే ఎక్కువ కార్డులున్నవాడు సగం వదులుకోవాలి. "కటాన్ నచ్చింది" అంటే వీటిలో ఏది నచ్చిందని వినేవాళ్లు అనుకోవాలి?

మాకు వచ్చిన సలహా టికెట్ టు రైడ్. రంగు కార్డులు పోగేసి పటం మీద రైలు దారులు పట్టుకునే ఆట, 2004 నాటిది. మంచి ఆటే. కానీ అందులో ఆటగాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో పెట్టి ఆడితే హాలంతా నిశ్శబ్దం. "ఏంటి బావా, అందరూ పరీక్ష రాస్తున్నట్టున్నారు" అంది మా మరదలు.

అప్పటినుంచి రెండు విషయాలు చూసుకుంటున్నాను. ఒకటి, మర్నాడు టిఫిన్ దగ్గర ఏ క్షణం గురించి మాట్లాడుకుంటున్నాం? మా ఇంట్లో ఎప్పుడూ "రెండు గొర్రెలిస్తానన్నా ఇటుక ఇవ్వలేదు చూడు" అన్న గొడవే. ఎవరు ఎంత రోడ్డు వేశారో ఒక్కరూ గుర్తు చేసుకోరు. రెండోది, ఆటలోంచి ఒక్కో భాగం తీసేసి ఊహించుకోవడం. రోడ్లు లేకపోయినా మేం కూర్చుంటాం. బేరం లేదంటే ఎవరూ కూర్చోరు.

దాంతో అడిగే మాట ఇలా మారింది: "ఐదుగురం. గంటలోపు అయిపోవాలి. ఎవరి వంతు నడుస్తున్నా మిగతావాళ్లు మాట్లాడుతూ ఉండాలి. బేరం కుదిరితే ఇద్దరికీ లాభం అనిపించాలి. కట్టింది పడగొట్టే ఆట వద్దు."

ఆదివారాలు సిరిపురం నుంచి మాతో ఆడడానికి వచ్చే ఒకాయన ఇది విని బోనాంజా చెప్పారు. 1997 నాటి చిక్కుడు గింజల కార్డులాట. దీనిలో కీలకం ఒక్కటే నియమం: చేతిలో కార్డుల వరుస మార్చకూడదు. ముందున్న కార్డును తన వంతులో నాటి తీరాలి, పొలాలేమో తక్కువ. తనకు పనికిరాని గింజ ముందుకు రాకముందే దాన్ని ఎవరికైనా అంటగట్టాలి, ఒక్కోసారి ఉచితంగానైనా. అందుకే బేరం ఆగదు. పాచికలు లేవు, పటం లేదు, కటాన్‌తో పైకి ఏ పోలికా లేదు. పేరు చెప్పి అడిగితే ఇది మా దాకా వచ్చేదని నేననుకోను.

ఆట తీరు ఒక్కటే చెప్పినా చాలదు. "అందరూ కలిసి ఆడి గెలిచే ఆట" అని అడిగితే పాండెమిక్ అనే ఆట చెప్పారు. రోగాలు ఊళ్లకు పాకకుండా ఆపాలి. అందరి సమాచారం బల్ల మీదే ఉంటుంది కాబట్టి బాగా తెలిసినవాడే అందరి వంతులూ ఆడించేస్తాడు. మా తోడల్లుడు అదే చేశాడు, మా అత్తగారు ఆయన చెప్పిన చోటికి బొమ్మ జరిపి ఊరుకున్నారు. "కలిసి ఆడాలి, కానీ ఒకరి మీద ఒకరు పెత్తనం చేసే వీలుండకూడదు" అని చేర్చాక హనాబి దొరికింది. అందులో తన కార్డులు తనకు కనపడవు, ఎదుటివాళ్లకే కనిపిస్తాయి. ఇచ్చే సూచనలకూ లెక్కుంది. పెత్తనం చేద్దామన్నా కుదరదు.

చిక్కులూ ఉన్నాయి. "టెన్షన్ ఉండాలి" అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. ఎనిమిది కార్డులు పట్టుకుని 7 పడుతుందేమోనని చూసే టెన్షన్ వేరు, ఇసుక గడియారం తిరగేసి తొందరపెట్టే టెన్షన్ వేరు. ఆ మాట బదులు ఆ క్షణాన్నే వర్ణిస్తే నయం. షరతులు ఎక్కువైతే చెప్పేవాళ్లు చేతులెత్తేస్తారు. తప్పనిసరిగా కావాల్సింది ఒకటి, అస్సలు వద్దనేది ఒకటి, మనుషుల సంఖ్య, సమయం. ఇంతకు మించి నేను చెప్పను. ఆట తీరుతో సంబంధం లేని ఒక్క మాట మాత్రం వదలను: కార్డుల మీద ఇంగ్లీషు రాతలు ఎక్కువుంటే మా అత్తగారికి కష్టం.

ఒకటో రెండో బోర్డు గేములు ఆడినవాళ్లకు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి ఈ పద్ధతి మొదట్లో అందదు. వాళ్లను చిన్నప్పటి ఆటల గురించి అడుగుతాను. అష్టాచెమ్మాలో ఎదుటివాళ్ల కాయను చంపడం ఇష్టమా, తన కాయను క్షేమంగా పండించుకోవడం ఇష్టమా? మా మేనకోడలు ఆలోచించకుండా "చంపడమే మావయ్యా" అంది. తనకు బోనాంజా ఇవ్వలేదు.