‘పట్టు’ క్రియ, కాంకార్డెన్స్ వరుసలు: ఏళ్ల తరబడి వాడాక

నిఘంటువు పనిలో ‘పట్టు’ లాంటి క్రియ ఎదురైతే నేను నేరుగా, ఒక మాట వచ్చిన వాక్యాలన్నిటినీ వరుసలుగా చూపే కాంకార్డెన్స్ తెరుస్తాను. చాలా ఏళ్లుగా ఇదే అలవాటు. గుర్తొచ్చిన అర్థాలన్నీ రాసుకుంటూ పోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. అయితే వరుసలు కళ్లముందు పరుస్తుందంతే, అర్థాలను విడదీసి ఇవ్వదు.

ముందుగా విసిగించేది రూపాల గొడవ. ‘పడుతుంది’ అని వెతికితే ‘గంట పడుతుంది’, ‘వాన పడుతుంది’ రెండూ కలిసి వస్తాయి. భూతకాలంలోకి మారిస్తే తేలిపోతుంది: గంట పట్టింది, వాన పడింది. అందుకే నేను ‘పట్టింది, పట్టాయి, పట్టలేదు’ రూపాలతోనే మొదలుపెడతాను. ఉత్త ‘పట్టు’ అని వెతికితే పట్టుచీరలూ వచ్చి దూరతాయి గానీ వాటిని ఏరేయడం కష్టమేమీ కాదు.

తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది కాబట్టి ఎడమ పక్క మాటను బట్టి సార్ట్ చేయాలి. అప్పుడు తుప్పు పట్టిన వరుసలు ఒకచోట, బూజువి ఒకచోట, నాచువి ఒకచోట చేరి కనిపిస్తాయి. వీటికి మూడు అర్థాలు ఇవ్వనక్కర్లేదు. ‘తుప్పూ నాచూ పట్టాయి’ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ‘తుప్పూ నిద్రా పట్టాయి’ అంటే నవ్వొస్తుంది. కాబట్టి నిద్రది వేరే అర్థం.

అసలు చిక్కు కొలతల దగ్గర వచ్చింది. ‘వంటకు రెండు గంటలు పట్టింది’, ‘చొక్కాకు రెండు మీటర్లు పట్టింది’, ‘పెట్టెలో పది పుస్తకాలు పట్టాయి’. పైపైన చూస్తే కాలం, గుడ్డ, చోటు అని మూడుగా చీల్చాలనిపిస్తుంది. వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం గీత ఇంకో చోట పడింది. మొదటి రెండింటిలో పనికో వస్తువుకో ‘కు’ ఉంటుంది, గంటలూ మీటర్లూ బహువచనమైనా క్రియ ఏకవచనంలోనే ఉంటుంది. మూడోదానిలో ‘లో’ ఉంటుంది, పుస్తకాలకు తగ్గట్టు క్రియ ‘పట్టాయి’ అవుతుంది. అందుకే కాలాన్నీ గుడ్డనూ ‘ఖర్చగు, అవసరమగు’ అని ఒకే అర్థం కింద పెట్టి రెండు ఉదాహరణలు ఇచ్చాను. ‘ఇముడు’ అనేదానికి వేరే అర్థ సంఖ్య ఇచ్చాను. ఇలాంటి కొలతల దగ్గర విభక్తీ వచనమూ రెండూ మారితేనే నేను కొత్త సంఖ్య వేస్తాను. ఒకటే మారితే ఉదాహరణతో సరిపెడతాను.

‘పట్టుకొను’ను మాత్రం నిఘంటువులో విడి పదంగానే ఇవ్వాలి. ‘పట్టు’కు వచ్చే తుప్పు, నిద్ర, గంటలు దీనికి రావు. పైగా వెతికేవాళ్లు దాన్ని ఆ రూపంతోనే వెతుకుతారు.

లోపం ఒకటుంది. కాంకార్డెన్స్ వెతికే పాఠాల రాశిలో, అంటే కార్పస్‌లో వార్తాపత్రికలే ఎక్కువైతే, ‘కుళాయి దగ్గర నీళ్లు పట్టాను’ లాంటి రోజువారీ వాడుక ఒకటి రెండు వరుసల్లోనే కనిపిస్తుంది, ఒక్కోసారి అసలే ఉండదు. లెక్క తక్కువని ఆ అర్థాన్ని వదలకూడదు. అలాంటి చోట నేను ఇప్పటికీ కథలు, మాటల రికార్డింగులు విడిగా వెతికి చేరుస్తున్నాను.