ఏ ప్లస్ కంటెంట్ రాయించుకుంటున్నారా? పోలిక పట్టిక చూడకుండా డబ్బు కట్టకండి

గుంటూరు, విజయవాడల్లో కారం పొడులు, పచ్చళ్లు అమెజాన్‌లో అమ్ముకునేవాళ్లకి ఈ హెచ్చరిక. ట్రేడ్‌మార్క్ వేసుకుని బ్రాండ్ రిజిస్ట్రీలో చేరగానే "మీ పేజీకి ఏ ప్లస్ కంటెంట్ రాసిపెడతాం, పోలిక పట్టికతో సహా" అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పేజీని కిందికి జరిపితే బొమ్మలతో, వివరాలతో కనిపించే భాగం ఇదే. మొదట్లో దీన్ని ఎన్‌హాన్స్‌డ్ బ్రాండ్ కంటెంట్ అనేవారు. పని తెలిసిన మంచివాళ్లూ ఉన్నారు. కానీ చేతికొస్తున్న ఫైళ్లలో చాలావాటికి ఒకటే జబ్బు: పట్టిక చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కొనేవాడికి ఒక్క ముక్కా చెప్పదు, పైగా అమెజాన్ పరిశీలనలో వెనక్కొస్తుంది.

ముందు డబ్బు సంగతి. మామూలు ఏ ప్లస్ కంటెంట్‌కి అమెజాన్ అమ్మకందారు దగ్గర పైసా తీసుకోదు. కొటేషన్‌లో "అప్రూవల్ ఫీజు" అని ఒక లైను ఉంటే అది అమెజాన్‌కి వెళ్లే డబ్బు కాదు. రాసినందుకు, బొమ్మలు చేసినందుకు కూలి అడగడం న్యాయమే. లేని ఫీజు పేరు చెప్పి అడిగితే అక్కడే ఆగిపోండి.

ఇక పట్టిక. ఒక కేసు తీసుకుందాం. గుంటూరు బ్రాండు ఒకటి, నాలుగు సరుకులు: సన్నం కారం, తేజ కారం, బ్యాడిగి కలిపిన పచ్చళ్ల కారం, వెల్లుల్లి కారం. వీళ్లకి వచ్చే ఫైలు సాధారణంగా ఇలా ఉంటుంది. నాలుగు సరుకులకి నాలుగు నిలువు గడులు, పక్కన ఐదోది "ఇతర బ్రాండ్లు". అడ్డ వరుసల్లో "నూరు శాతం సహజం", "ప్రీమియం నాణ్యత", "ఉత్తమ ధర", "రోగనిరోధక శక్తి పెంచుతుంది", "డబ్బు వాపసు గ్యారంటీ", "గుంటూరు నుంచి నేరుగా". మన నాలుగింటికీ అన్ని గడుల్లో పచ్చ టిక్కులు, ఇతరులకి అన్నిట్లో ఎర్ర అడ్డగీతలు.

దీన్ని పంపితే ఏమవుతుందో చూడండి. ఏ ప్లస్‌లో పోలిక సొంత బ్రాండు సరుకుల మధ్యే ఉండాలి. పోటీదారు పేరు రాయలేదు కదా, "ఇతరులు" అనే కదా అన్నాం అనే వాదన నిలవదు, ఆ గడి కూడా పోటీదారులతో పోలికే. ధర, తగ్గింపు, ఉచిత డెలివరీ లాంటి మాటలు కుదరవు. గ్యారంటీ కుదరదు. "ఉత్తమ", "నంబర్ వన్" లాంటి గొప్పలు కుదరవు. కారం పొడి తింటే రోగనిరోధక శక్తి పెరుగుతుందన్న మాటయితే అమెజాన్ దాకా అక్కర్లేదు, ఆహార పదార్థాల చట్టం కిందే చిక్కు. పరిశీలనకి ఏడు పనిదినాల వరకూ పట్టొచ్చు. తిరస్కరిస్తే దిద్ది మళ్లీ పంపాలి, మళ్లీ ఆ ఎదురుచూపే. మార్చి ఆఖరులో పంపిన ఫైలు రెండుసార్లు వెనక్కొస్తే ఆవకాయ కారం అమ్ముకోవాల్సిన ఏప్రిల్‌లో సగం పోతుంది. రాసినవాడి డబ్బు అప్పటికే అందిపోయి ఉంటుంది.

ఆ తప్పులన్నీ తీసేసి, "సహజం", "గుంటూరు నుంచి నేరుగా" అనే రెండు వరుసలే ఉంచారనుకోండి. అప్పుడు అప్రూవ్ అవ్వచ్చు. అయినా అది పనికిరాని పట్టికే. నాలుగు గడుల్లోనూ ఒకే జవాబు ఉన్న వరుసలో పోలిక ఎక్కడుంది? కొనేవాడు ఈ నాలుగింట్లో ఏది తనకి అన్న ప్రశ్నతో పట్టిక దగ్గరికి వస్తాడు. పచ్చడి పట్టడానికి కారం వెతుకుతూ తేజ కారం పేజీలో దిగినవాడిని పచ్చళ్ల కారం పేజీకి పంపాలి. లేకపోతే ఆవకాయ మండిపోయిందని తిడుతూ ఒక స్టార్ ఇస్తాడు. తప్పు సరుకుది కాదు, ఎంపికది. అయినా మచ్చ మీ పేజీకే.

అందుకే ఏ ఫైలు వచ్చినా మొదటి పరీక్ష ఇది: అడ్డ వరుసని ఎడమ నుంచి కుడికి చదవండి. జవాబు ఎక్కడా మారకపోతే ఆ వరుస కొట్టేయండి. పై కేసులో ఈ పరీక్షకి నిలిచే వరుసలు ఇలా వస్తాయి (అసలు పేజీలో ఇది ఇంగ్లీషులో ఉంటుంది):

| | సన్నం కారం | తేజ కారం | పచ్చళ్ల కారం | వెల్లుల్లి కారం |
|---|---|---|---|---|
| మిరప | సన్నం | తేజ | సన్నం, బ్యాడిగి | సన్నం |
| ఘాటు | మధ్యస్థం | చాలా ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |
| రంగు | ఎరుపు | ఎరుపు | ముదురు ఎరుపు | గోధుమ ఎరుపు |
| దేనికి | రోజూ కూరలకి | వేపుళ్లు, మాంసం కూరలకి | ఆవకాయ, మాగాయకి | ఇడ్లీ, అన్నంలోకి |
| ఉప్పు | లేదు | లేదు | లేదు | కలిపి ఉంది |

ఆఖరి వరుస చూడండి. "ప్రీమియం" అని రాసేవాడికి ఇది తట్టదు, ఇంట్లో వంట చేసేవాళ్లకి వెంటనే తడుతుంది. వెల్లుల్లి కారంలో ఉప్పు ముందే ఉంటుంది. మామూలు కారం అనుకుని కూరలో వేసి, పైన మళ్లీ ఉప్పు వేస్తే కూర పారబోయాల్సిందే. ఇలాంటి ఒక్క వరుస పది టిక్కుల పెట్టు. "ఆవకాయ" అని ఒక్క మాటే రాస్తే ఇండోర్‌లో కొనేవాడికి అర్థం కాదు కాబట్టి ఇంగ్లీషులో పక్కనే మామిడి పచ్చడి అని చేర్చమనండి.

ఘాటు గడిలో "5కి 4", లేదా స్కోవిల్ అంకెలు వేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. మీ దగ్గర ఆ బ్యాచ్ ల్యాబ్ రిపోర్టు లేకపోతే ఆ అంకె ఎక్కడిదని అడగండి. నెట్‌లో తేజ మిరపకి దొరికిన అంకెని మీ పొడికి అంటించి ఉంటారు. కాయ రకం, కోత, గింజలతో ఆడించారా తీసేసి ఆడించారా అన్నదాన్ని బట్టి పొడి ఘాటు మారుతుంది. రిపోర్టు లేనప్పుడు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్నవే నిజాయితీ మాటలు. మిరప రకం గడీ ప్యాకెట్టు లేబుల్‌తో సరిపోవాలి. గుంటూరు సన్నం భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు. యార్డులో నుంచి ఏ కాయ తెచ్చినా "గుంటూరు సన్నం" అని పట్టికలో వేసేయడం రాసేవాడికి తేలికే, పట్టుబడేది మాత్రం మీరు.

రెండో మోసం పట్టికని బొమ్మగా ఇవ్వడం. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గళ్లు గీసి, రంగులు వేసి, ఒకే జేపెగ్ చేసి పెద్ద బొమ్మ మాడ్యూల్‌లో, అంటే ఏ ప్లస్‌లో పెద్ద బొమ్మకని ఉండే అరలో పెట్టేస్తారు. కంప్యూటర్‌లో అదిరిపోతుంది. ఫోన్‌లో అదే బొమ్మ స్క్రీన్ వెడల్పుకి కుంచించుకుపోయి, అక్షరాలు ఆవగింజలంత అవుతాయి. పైగా బొమ్మలో తేజ కారం మీద నొక్కితే ఎక్కడికీ వెళ్లదు. అమెజాన్‌లో దీనికని విడిగా ఒక మాడ్యూల్ ఉంది, పేరు `Standard Comparison Chart`. అందులో ఒక్కో నిలువు గడికి సరుకు ఏఎస్‌ఐఎన్ ఇస్తే, ఆ గడి నుంచి కొనేవాడు నేరుగా ఆ పేజీకి వెళ్తాడు. ఒక్కో సరుకుకి నిలువుగా ఉండే చిన్న బొమ్మ పెడతారు, వెడల్పు 150, ఎత్తు 300 పిక్సెళ్లు. పట్టికలో ఆరు సరుకులు, పది వరుసల దాకా పడతాయి. పడతాయి కదా అని నింపమనకండి. ఫోన్‌లో మిగతా గడులు చూడాలంటే పక్కకి జరపాలి, ఎంతమంది జరుపుతారు? మూడు నాలుగు సరుకులు, ఐదారు వరుసలు చాలు.

బొమ్మా, మాడ్యూలా అన్నది తేల్చుకోవడానికి ఒక నిమిషం చాలు. ప్రివ్యూలో మొబైల్ వ్యూ తెరవండి. తర్వాత పట్టికలో ఒక మాటని వేలితో పట్టి ఎంచుకోవడానికి చూడండి. మాట విడిగా ఎంపికైతే మాడ్యూల్, మొత్తం కదిలితే బొమ్మ.

మూడోది చిన్నదే కానీ అందరికీ తగులుతుంది. నాలుగు సరుకులకి పని ఒప్పుకుని, ఒకే కంటెంట్ తయారు చేసి నాలుగు ఏఎస్‌ఐఎన్‌లకీ అంటగడతారు, బిల్లు మాత్రం నాలుగింటికి వేస్తారు. ఈ పట్టికలో ఒక గడిని వేరుగా చూపించే సదుపాయం ఉంది, "మీరిప్పుడు చూస్తున్నది ఇదే" అని తెలియడానికి. ఒకే కంటెంట్ నాలుగు చోట్లా పెడితే వెల్లుల్లి కారం పేజీలో కూడా సన్నం కారం గడే మెరుస్తూ ఉంటుంది. పట్టిక అవే మాటలతో ఉండొచ్చు, కానీ ఒక్కో సరుకుకి కాపీ తీసి, మెరిసే గడి మార్చి, ఆ ఏఎస్‌ఐఎన్‌కే తగిలించాలి. ఇదేమీ పెద్ద పని కాదు. చేయకుండా నాలుగు రెట్లు తీసుకోవడమే తప్పు.

అదే సమయంలో పావుకిలో, అరకిలో ప్యాకెట్లని వేర్వేరు గడులుగా పెట్టి సరుకుల సంఖ్య పెంచినా ఒప్పుకోకండి. సైజులు పేజీ పైన బటన్లలోనే ఉంటాయి. పట్టికలో చూపించిన ప్యాకెట్టు బొమ్మ, ఆ గడికిచ్చిన ఏఎస్‌ఐఎన్ సైజు ఒకటేనా అన్నది మాత్రం తప్పక చూడండి. కిలో ప్యాకెట్టు బొమ్మ నొక్కితే పావుకిలో తెరుచుకుంటే కొనేవాడికి అనుమానం వస్తుంది.

ఒప్పందం విషయం. అడ్వాన్సుగా సగానికి మించి ఇవ్వకండి. మిగతాది `A+ Content Manager`లో అప్రూవ్ అయినట్టు చూశాక, ఫోన్‌లో నాలుగు పేజీలూ తెరిచి ఒక్కో గడీ నొక్కి సరిచూశాక ఇవ్వండి. తిరస్కరణ వస్తే దిద్ది మళ్లీ పంపే బాధ్యత రాసినవాడిదేనని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. పట్టిక మాటలు ఎక్సెల్ షీటులో, బొమ్మలు విడి ఫైళ్లుగా మీ చేతికి రావాలి. రేపు పచ్చళ్ల కారం మిశ్రమం మారితే ఒక్క గడి మార్చడానికి మళ్లీ వాళ్ల కాళ్లు పట్టుకోకూడదు.

సెల్లర్ అకౌంట్ పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. సెట్టింగ్స్‌లో `User Permissions` ఉంది. అక్కడ వాళ్ల మెయిల్ ఐడీకి కంటెంట్ పని వరకే అనుమతి ఇచ్చి, పని అయ్యాక తీసేయండి. "బ్రాండ్ రిజిస్ట్రీ మా అకౌంట్ మీద చేసేస్తాం, మీకు శ్రమ ఉండదు" అన్నవాడికి మాత్రం పట్టిక కాదు, ప్యాకెట్టు మీది లోగో కూడా చూపించకండి. బ్రాండు ఎవరి అకౌంట్ కింద ఉంటే ఆ పేజీల మీద పెత్తనం వాళ్లదే. అది వెనక్కి తెచ్చుకునేలోపు ఇంకో మిరప పంట యార్డుకి వచ్చేస్తుంది.