మిల్లు ఖాతాలు కొత్త మనిషికి అప్పజెప్పే పద్ధతి: కొన్ని సీజన్లు వాడాక సమీక్ష

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు ప్రింటెడ్ బియ్యం బ్యాగులు సప్లై చేసే కంపెనీల్లో, మిల్లు ఖాతాలు, అంటే ఆర్డర్లు, బాకీలు చూసే మనిషి మారడం కొత్తేం కాదు. అప్పుడు వ్యాపారం జారిపోకుండా మేం వాడుతున్న పద్ధతిలో మూడు పనులుంటాయి. వెళ్లేవాడు ఒక్కో మిల్లుకు ఒక్కో పేజీ రాసివ్వాలి. పాత, కొత్త మనుషులిద్దరూ కలిసి మిల్లుకు వెళ్లాలి. కంపెనీ సిమ్ము కొత్త చేతికి రావాలి. వీటిలో పేజీకి నూటికి నూరు మార్కులు వేయొచ్చు. కలిసి వెళ్లడం సరైన వరుసలో చేస్తేనే పనికొస్తుంది. అందరూ తేలికనుకునే సిమ్ము దగ్గరే ఎక్కువసార్లు పని ఆగింది.

ముందు పేజీ సంగతి. ట్యాలీ లెడ్జర్ ఉండగా మళ్లీ కాగితమెందుకని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. లెడ్జర్‌లో బిల్లులుంటాయి గానీ ఫోన్లో ఇచ్చిన మాటలుండవు. మిల్లు సేటు గుర్తుపెట్టుకునేది ఆ మాటలనే.

ఒక మిల్లు లెక్క చూడండి. మన లెడ్జర్‌లో ఆ మిల్లు బాకీ 4,60,000 రూపాయలు. మిల్లు గుమస్తా పుస్తకంలో 4,34,600. తేడా 25,400. పాత మనిషిని కూర్చోబెట్టి అడిగితే లెక్క ఇలా విడిపోతుంది: దారం రేటు తగ్గినప్పుడు 20,000 బ్యాగుల మీద బ్యాగుకు రూపాయి చొప్పున తగ్గిస్తానన్నాడు, అది 20,000. ప్రింటు చెరిగిన 300 బ్యాగులు, జీఎస్టీతో కలిపి ఒక్కోటి 18 రూపాయలు, వాపసు తీసుకుంటానన్నాడు, అది 5,400. రెండూ నోటిమాటలే, క్రెడిట్ నోటు రాయలేదు. ఈ కాగితం లేకుండా కొత్త మనిషి వెళ్లి మొదటి రోజే 4,60,000 అడిగాడనుకోండి. సేటుకు అది బాకీ అడగడంలా ఉండదు, కంపెనీ మాట తప్పినట్టు ఉంటుంది.

అందుకే పేజీలో పై సగం ఈ మాటలకే. ఏం ఒప్పుకున్నాడు, ఎంతకు, ఎప్పటిలోగా, ఆఫీసులో ఎవరికి చెప్పాడు. ఒప్పుకున్న మొత్తాలకు క్రెడిట్ నోట్లు పాత మనిషి ఉండగానే రాయించాలి. బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో అది ముగిశాక వచ్చే నవంబర్ 30 దాటితే ఆ క్రెడిట్ నోటు మీద జీఎస్టీ తగ్గించుకోవడం కుదరదు. ఆ పన్ను భారం కంపెనీ మీదే పడుతుంది. పాత మాటలు ఏడాది తర్వాత బయటపడితే ఖర్చు ఎందుకు పెరుగుతుందంటే ఇందుకే.

కింది సగంలో బ్యాగు వివరాలు. డిజైన్ పేరు, బ్యాగు కొలత, బరువు, ప్రింటు సిలిండర్లు మిల్లు డబ్బుతో చేయించినవా, కంపెనీవా, ఇప్పుడు ఎక్కడున్నాయి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మిల్లు ఇంకో సప్లయర్ దగ్గరికి పోవాలనుకుంటే మొదట అడిగేవి సిలిండర్లే. ఇంకోటి, 26 కిలోల బ్యాగు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ ఉండి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. దాంతో చాలా మిల్లులు 26 కిలోలకు మారాయి. ఇది తెలియని కొత్త మనిషి ఆర్డర్‌లో 26 చూసి తప్పనుకుని 25కు దిద్దితే ప్రింటైన సరుకంతా వృథా. పేజీలో ‘26 కిలోలు, మార్చొద్దు’ అని ఎర్ర సిరాతో రాయిస్తాం.

ఇక కలిసి వెళ్లడం. వానాకాలం వడ్లు దిగే రోజుల్లో, యాసంగిలో ఏప్రిల్, మే నెలల్లో మిల్లు గేటు ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. అప్పుడు వెళ్తే సేటు చేయి ఊపి పంపించేస్తాడు, పరిచయం అయినట్టు కాదు. ఆ రోజులు తప్పించి పొద్దున పూట వెళ్లాలి. పాత మనిషి తన నోటితోనే చెప్పాలి: “సేటు, నేను ఈ నెలాఖరు వరకే ఉంట. ఇగ నుంచి ఈయననే మీ ఖాతా సూస్కుంటడు.” ఈ కబురు పక్క కంపెనీ మనిషి ద్వారా ముందే చేరితే సగం పని చెడినట్టే. కాబట్టి రాజీనామా ఖాయమైన వారంలోనే పెద్ద ఖాతాలు తిరగడం పూర్తి చేయాలి.

ఆ తర్వాత పాత మనిషి తగ్గి, కొత్త మనిషి మాట్లాడాలి. పేజీ చూసి ఆ రెండు మాటలూ తనే చదవాలి: రేటు తేడా ఇరవై వేలు, చెడిన మూడొందల బ్యాగులు, క్రెడిట్ నోటు ఇదిగో. మా అనుభవంలో సేటు మొహం మారేది ఇక్కడే. మిఠాయి డబ్బాలు, డైరీలు ఇవ్వడం వల్ల ఇంతవరకు ఏ ఖాతా నిలబడలేదు, ఆ ఖర్చు దండగ.

ఇక్కడో ఉచ్చు ఉంది. “కొత్త సార్ వచ్చిండు కదా, రేటు ఏమన్న తక్కువ చేస్తడా?” అని తప్పకుండా అడుగుతారు. ఆ రోజు రేటు గురించి ఏమీ ఒప్పుకోకూడదు. నవ్వి, పాత రేటే సాగుతుందని చెప్పి వదిలేయాలి. మంచిపేరు కోసం అర్ధరూపాయి తగ్గిస్తే సాయంత్రానికి చుట్టుపక్కల మిల్లులన్నీ అదే రేటు అడుగుతాయి.

సేటు దగ్గర ఆగిపోవద్దు. ఆర్డర్ ఫోన్ చేసేది గుమస్తా, సరుకు దించుకునేది గోడౌన్ మనిషి. ఆ ఇద్దరి దగ్గరా కూర్చోకుండా తిరిగొస్తే ఆర్డర్లు పాత మనిషి సొంత నంబర్‌కే పోతుంటాయి.

సిమ్ము విషయానికొస్తే, నంబర్ కంపెనీ పేరు మీద ఉంటే సరిపోదు. వాట్సాప్ బిజినెస్‌లో పాత మనిషి రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుని పిన్ చెప్పకుండా పోతే, రికవరీ మెయిల్ కూడా లేకపోతే, కొత్త ఫోన్‌లో తెరవడానికి 7 రోజులు ఆగాలి. ఆ వారంలో గుమస్తా పంపే డిజైన్ ఫొటోలు, ఆర్డర్లు మనకు కనిపించవు. ఆండ్రాయిడ్‌లో చాట్ బ్యాకప్ అతని సొంత జీమెయిల్‌లో ఉంటే పాత సందేశాలు చేతికి రావు. చివరి రోజు కాకుండా, అతను ఆఫీసులో ఉండగానే బ్యాకప్ కంపెనీ జీమెయిల్‌కు మార్చి, పిన్ తీయించి, కొత్త ఫోన్‌లో తెరిచి చూసుకోవాలి.

ఈ పద్ధతి పనిచేయని చోటు ఒకటుంది. పాత మనిషి పోటీ కంపెనీలోకే వెళ్తుంటే కలిసి వెళ్లడం ప్రమాదం, మిల్లులో అతను తన కొత్త కంపెనీ రేట్లే చెప్పుకుంటాడు. అప్పుడు కంపెనీ యజమానే కొత్త మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి. పేజీ కూడా అతనితో అప్పటికప్పుడు రాయించలేం. అందుకే ఉద్యోగంలో ఉన్నవాళ్ల చేత కూడా నెలనెలా రాయించి, మిల్లు గుమస్తాతో బాకీ సరిచూయించి సంతకం తీసుకోవడం ఇప్పుడు మామూలు పనిగా పెట్టుకున్నాం.

అప్పగింత కుదిరిందా లేదా అన్నది మొదటి లోడు దగ్గర తెలుస్తుంది. కొత్త మనిషి దించేటప్పుడు అక్కడే ఉండి, బేళ్ల లెక్క గోడౌన్ మనిషితో కలిసి చూసి, ఒక బ్యాగు తూకం వేసి చూపించాలి. తర్వాతి ఆర్డర్‌కు గుమస్తా ఎవరికి ఫోన్ చేశాడో గమనించాలి. పాత మనిషికే చేస్తే, ఆ వారమే మళ్లీ వెళ్లి గుమస్తా దగ్గర కూర్చోవాలి.