పదేళ్లుగా కడుతున్న ఫైర్ పాలసీ: పలాస జీడి ఫ్యాక్టరీ లెక్కల్లోంచి

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. 2014 నుంచి ఇన్సూరెన్స్ రెన్యువల్ పని నాదే. మొదటి నాలుగేళ్లూ నేను చూసింది ప్రీమియం ఒక్కటే. మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువున్న దానికి చెక్కు రాయించేవాణ్ణి. ఎంత ఆస్తికి కడుతున్నామో మాత్రం పాత కాగితం చూసి అలాగే దించేసేవాణ్ణి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి వెళ్లేసరికి గోడౌన్ మీద సగం రేకుల్లేవు. కింద నిట్టు కట్టిన జీడిపిక్కల బస్తాలు నీళ్లు కారుతున్నాయి. నాలుగో రోజుకి బస్తా విప్పితే మగ్గు వాసన. తడిసిన పిక్కలు వచ్చిన ధరకి అమ్మేయగా, సరుకు మీద నికరంగా 20 లక్షల నష్టం తేలింది. గోడౌన్ రిపేరుకి ఇంకో 4 లక్షలు. మా ఫైర్ పాలసీలో తుఫాను కవర్ కూడా ఉంది కదా అని మా పెద్దాయన ధైర్యంగానే ఉన్నారు.

నష్టం లెక్క కట్టడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి ముందు అడిగింది నష్టం సంగతి కాదు. “బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ ఏదండీ?” అన్నాడు. సరుకు మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ లోను కోసం నెలనెలా మేమే సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. అందులో సరుకు 1.50 కోట్లు. పాలసీలో సరుకు 90 లక్షలు. అంటే ఉన్నదాంట్లో 60 శాతానికే కట్టాం. మిగతా 40 శాతానికి బీమా మాదే అన్నట్టు లెక్క. దాన్నే యావరేజ్ క్లాజ్ అంటారు. నష్టం 90 లక్షల లోపే కదా, మొత్తం ఇవ్వాలి కదా అని నేను వాదించాను. కుదరదన్నాడు. 20 లక్షలకి 12 లక్షలే ఒప్పుకున్నాడు.

గోడౌన్‌ది ఇంకో కథ. బ్యాలెన్స్‌షీట్లో ఏటా తరుగుదల పోగా మిగిలిన 30 లక్షలే పాలసీలో వేశాను. సర్వేయర్ వేసిన విలువ 60 లక్షలు. కాబట్టి 4 లక్షల్లో 2 లక్షలు. మొత్తం 14 లక్షల మీద, తుఫాను క్లెయిము కాబట్టి 5 శాతం డిడక్టబుల్, అంటే మేమే భరించాల్సిన వాటా, 70 వేలు కోసి 13.30 లక్షలు ఇచ్చారు. అదీ లోను ఖాతాలోకే వెళ్లింది, పాలసీ మీద బ్యాంకు పేరుంది కనక.

ఆ రాత్రి కూర్చుని వేసుకున్న లెక్క ఇది. మా రేటు వెయ్యికి 2 రూపాయలు. సరుకు మీద 60, గోడౌన్ మీద 30, కలిపి ఇంకో 90 లక్షలకి ప్రీమియం 18,000, జీఎస్టీ 3,240. అంటే 21,240 రూపాయలు మిగల్చబోయి, డిడక్టబుల్ పోను రావాల్సిన 9.50 లక్షలు పోగొట్టాను. పెద్దాయన ఒక్క మాట అన్లేదు. అదే ఎక్కువ బాధ.

మా వీధి చివర ఫ్యాక్టరీ వాళ్లది ఇంకా అన్యాయం. ప్రీమియం తగ్గుతుందని తుఫాను, వరద కవరే తీయించేశారు. సముద్రం పక్కన ఉండి! వాళ్లకి పైసా రాలేదు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. సరుకు విలువ ఏడాది సగటు కాదు, పిక్కలు కొని నింపుకునే నెలల్లో ఉండే గరిష్ఠం వేస్తాను. బ్యాంకు స్టేట్‌మెంట్లో ఏ నెల అంకె పెద్దదో అదే. ఇందుకు కడుతున్న అదనం కొన్ని నెలలు దండగలాగే కనిపిస్తుంది, నిజమే. గోడౌన్‌కి మేస్త్రీ చేత ఇవాళ్టి కట్టుబడి ఖర్చు రాయిస్తాను.

2021 ఏప్రిల్ నుంచి 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న మాలాంటి వాళ్లకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ వచ్చింది. అందులో విలువ 15 శాతం దాకా తక్కువ పడినా యావరేజ్ కోత లేదు. మాకు నచ్చింది అదే. కానీ 15 శాతం దాటితే మళ్లీ పాత కథే. సరుకు పెరిగి మొత్తం 5 కోట్లు దాటితే పాలసీయే మారుతుంది.

ఒక కంపెనీ ఏజెంటు డిడక్టబుల్ లక్ష పెట్టుకుంటే 7 వేలు తగ్గిస్తానన్నాడు. పద్నాలుగేళ్లకు పైగా ఏ క్లెయిమూ రాకపోతే గానీ ఆ లక్ష తిరిగి రాదు. ఒప్పుకోలేదు. 2021 సెప్టెంబరులోనే గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర దాటింది. రేకులకి 85 వేల నష్టం. డిడక్టబుల్ పోను మిగతాది వచ్చింది. లక్ష పెట్టుకుని ఉంటే సున్నా.

తీరని లోటు ఒకటుంది. తిత్లీ తర్వాత కరెంటు లేక పప్పు ఆరబెట్టే బోర్మా ఆగిపోయి, చెమ్మ పట్టిన పప్పుకి ఒక్క రూపాయి ఇవ్వలేదు. గాలి, నీరు తగలలేదు కదా అన్నారు. బాయిలర్ తనంతట తాను పేలితే ఆ బాయిలర్ నష్టానికీ ఈ పాలసీ ఇవ్వదు, దానికి వేరే పాలసీ తీసుకున్నాం. కరెంటుకి మాత్రం బీమా కాదు, డీజిల్ జనరేటర్ కొన్నాం.