జాగ్రత్త: "స్టూడియో వాయిస్ సెటప్" అని 3,500 తీసుకున్నారు, నా పాఠంలో "కాదు" వినబడకుండా పోయింది

ఆన్‌లైన్‌లో క్లాసులు చెప్పేవాళ్లు, లైవ్ పెట్టేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒకసారి ఇది చదవండి.

మాది విజయనగరం. గంటస్తంభానికి దగ్గర్లోనే ఇల్లు. మేడ మీద గదిలో కూర్చుని రోజూ రాత్రి ఏడున్నరకి పదో తరగతి పిల్లలకి లెక్కలు లైవ్‌లో చెప్తాను. గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపితే పది నిమిషాలు కూడా కూర్చోలేం. ఆ ఫ్యాన్ హోరు పాఠంలో వినబడుతోందని తల్లిదండ్రులు ఒకరిద్దరు చెప్పారు. అప్పుడే "మీ మైక్‌కే స్టూడియో వాయిస్ తెప్పిస్తాం" అన్న ప్రకటన ఒకటి కనబడింది. 3,500 కట్టాను. అతను దూరం నుంచే నా కంప్యూటర్‌లోకి వచ్చి, లైవ్‌కి వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో అరగంట ఏదో చేసి, "అయిపోయింది సార్" అన్నాడు. నేను ఒక్క ముక్క మాట్లాడి చూశాను. ఫ్యాన్ హోరు లేదు, గొంతు గట్టిగా ఉంది. సంతోషించాను.

వారం తర్వాత పిల్లల నోటుపుస్తకాలు చూస్తే గుండె ఆగినంత పనైంది. x² - 5x + 6 = 0 చెప్పిన రోజది. 2, 3 మూలాలు. ఒకటి పెట్టి చూపించి, "1 దీనికి మూలం..." అని ఒక్క క్షణం ఆగి, "కాదు" అన్నాను. నలుగురు పిల్లలు "1 కూడా మూలమే" అని రాసుకున్నారు. రికార్డింగ్ వింటే వాళ్ల తప్పేమీ లేదు. "1 దీనికి మూలం" దాకా ఖంగుమని వినబడుతోంది, ఆ తర్వాత నిశ్శబ్దం. "కాదు" లేనే లేదు. మన భాషలో అవునా కాదా అన్నది తేలేది వాక్యం చివరనే కదా. "లేదు", "రాదు", "కూడదు" అనేటప్పటికి గొంతు సహజంగానే దిగిపోతుంది. సరిగ్గా అక్కడే కోత పడింది.

అతన్ని అడిగితే "మీ మైక్ నాసిరకం, ఆరువేలది కొనండి" అన్నాడు. కొనలేదు. నాలుగు రాత్రులు కూర్చుని అతను పెట్టిన ఫిల్టర్లని ఒక్కొక్కటే విప్పి చూశాను.

ముందుగా చెప్పాల్సింది ఏమిటంటే, అతను పెట్టిన మూడు ఫిల్టర్లూ ఓబీఎస్‌లో ఉచితంగా ఉన్నవే. Audio Mixer లో మైక్ పక్కన ఉన్న గుర్తు నొక్కి Filters లోకి వెళ్లి, కింద ప్లస్ నొక్కితే హోరుని తీసేసే Noise Suppression, Noise Gate, గట్టి మాటకీ మెల్లని మాటకీ తేడా తగ్గించే Compressor మూడూ కనబడతాయి. ఈ ఫిల్టర్లు పై నుంచి కిందికి వరసగా పనిచేస్తాయి. అతను కంప్రెసర్ పైన, గేట్ మధ్యలో, సప్రెషన్ అట్టడుగున పెట్టాడు. మొత్తం గొడవ ఇక్కడే మొదలైంది.

ఫిల్టర్ల పక్కనున్న కన్ను గుర్తులన్నీ ఆపేసి, వాల్యూమ్ గీతని 0.0 dB దగ్గర ఉంచి మీటర్ చూశాను. అందులో అంకె సున్నాకి ఎంత దగ్గరైతే శబ్దం అంత గట్టిదన్నమాట. ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంటే -48 dB. మామూలుగా గట్టిగా చెప్తే -12. మెల్లగా "కాదు" అంటే -30. అంటే ఫ్యాన్‌కీ నా మెల్లని మాటకీ మధ్య 18 డెసిబెల్స్ ఎడం ఉంది. అది చాలినంత ఎడమే. మైక్ తప్పేమీ లేదు.

అతను కంప్రెసర్‌లో Threshold -40 dB, Ratio 10:1, Output Gain 20 dB పెట్టాడు. అంటే -40 దాటిన శబ్దం ఎంత పెరిగినా అందులో పదో వంతే పైకి వస్తుంది, ఆ తర్వాత మొత్తానికి 20 కలుస్తుంది. లెక్క కట్టండి. గట్టి మాట -17 దగ్గరికి వచ్చింది. మెల్లని "కాదు" -19 అయ్యింది. ఫ్యాన్ -40 కంటే కిందే ఉంది కాబట్టి దాన్ని నొక్కేది లేదు, 20 మాత్రం కలిసి -28కి ఎగబాకింది. 18 ఉన్న ఎడం 9 అయిపోయింది, గట్టి మాటకీ మెల్లని మాటకీ తేడా రెండు డెసిబెల్సే మిగిలింది.

ఇప్పుడు ఆ ఫ్యాన్‌ని ఆపడానికి గేట్‌ని బాగా పైకి లేపాడు. Open Threshold -18, Close Threshold -22. గేట్ అంటే తలుపులాంటిది. శబ్దం మొదటి అంకె దాటితే తెరుచుకుంటుంది, రెండో అంకె కిందికి దిగితే మూసుకుంటుంది. ఆగకుండా మాట్లాడుతున్నంతసేపూ -19 మాట కూడా దాటిపోతుంది, ఎందుకంటే తలుపు తెరిచే ఉంది. అందుకే ఆ రోజు నేను పరీక్షించినప్పుడు ఏమీ తెలియలేదు. ఒక్క క్షణం ఆగితే తలుపు మూసుకుంది. దాన్ని మళ్లీ తెరవాలంటే -18 దాటాలి. "కాదు"కి ఒక్క డెసిబెల్ తక్కువైంది.

నేను సరిచేసింది ఇలా. సప్రెషన్‌ని అన్నిటికన్నా పైకి తెచ్చి, Method లో Speex తీసేసి RNNoise పెట్టాను. ప్రాసెసర్ మీద కాస్త ఎక్కువ భారం పడుతుంది, కానీ ఫ్యాన్‌లాంటి ఒకే తీరు హోరుని చాలా బాగా తీసేస్తుంది. దాని కింద గేట్: Open -38, Close -45. నా మెల్లని మాట -30 కాబట్టి హాయిగా తెరుచుకుంటుంది. తలుపు మూసుకునే ముందు ఆగే సమయం Hold ని అతను 50 మిల్లీసెకన్లు చేశాడు, దాన్ని మామూలుగా వచ్చే 200కే తిప్పాను. Release మాత్రం 150 నుంచి 250కి పెంచాను, మాట చివర మెల్లగా మూసుకోవాలని. అన్నిటికన్నా కింద కంప్రెసర్: Ratio 4:1, Threshold -20, Output Gain 6. ఇప్పుడు గట్టి మాట -12 దగ్గరే ఉంది, మెల్లని మాట -30 నుంచి -24కి వచ్చింది. నాకు కావాల్సింది ఇంతే. ఇవి నా గది అంకెలు. మీ ఫ్యాన్ ఎంత, మీ మెల్లని మాట ఎంత అన్నది మీటర్‌లో చూసుకుని, గేట్‌ని ఆ రెంటికీ మధ్యలో పెట్టుకోండి.

వీటితో కానివీ ఉన్నాయి. ఖాళీ స్లాబ్ గదిలో వచ్చే ప్రతిధ్వని వీటితో పోదు. నేను తలుపుకి దుప్పటి వేలాడదీసి, మైక్‌ని నోటికి జానెడు దూరంలోకి తెచ్చుకున్నాను. పక్కగదిలో ఎవరైనా మాట్లాడుతుంటే RNNoise దాన్నీ మనిషి గొంతుగానే తీసుకుంటుంది. మైక్‌లోనే పగిలిపోయిన శబ్దాన్ని ఏ కంప్రెసరూ అతికించలేదు. ఇవన్నీ పోతాయని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఎవరిచేతనైనా చేయించుకోవాల్సి వస్తే, డబ్బు ఇవ్వకముందే ఓబీఎస్‌లో ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. "ఇది సరైన జవాబు..." అని రెండు సెకన్లు ఆగి, మెల్లగా "కాదు" అనండి. ఫ్యాన్ తిరుగుతుండగానే చెప్పండి. ఆ చివరి మాట పూర్తిగా వినబడితేనే డబ్బు ఇవ్వండి. అతను కంప్యూటర్‌లోకి దూరం నుంచి వచ్చి ఉంటే మీ ఛానల్‌లో లైవ్ పెట్టడానికి వాడే స్ట్రీమ్ కీ కూడా మార్చేయండి, నేను మర్నాడే మార్చాను.

డబ్బు అడిగాను, ఇప్పటిదాకా తిరిగి రాలేదు. ఆ వారం పాఠాలన్నీ మళ్లీ చెప్పి పెట్టాను. ఆ నలుగురు పిల్లలకీ ఫోన్ చేసి "1 మూలం కాదు" అని నోటితో చెప్పాను.