‘1:3 సున్నపు గార’ అని రాస్తే సరిపోదు: సున్నపు ముద్దా, బస్తా సున్నమా, ఎన్‌హెచ్‌ఎలా?

పాత ఇంటి గోడకు గార మరమ్మతు చేయించేటప్పుడు కాంట్రాక్టు కాగితంలో ఎక్కువగా కనిపించే వాక్యం ఇది: “20 మిల్లీమీటర్ల మందాన 1:3 సున్నపు గార వేసి, క్యూరింగ్ చేయాలి.” ఈ వాక్యం చదివి ఒక కాంట్రాక్టరు నెలల తరబడి నానిన సున్నపు ముద్ద తెస్తాడు. ఇంకొకడు హార్డ్‌వేర్ షాపులో బస్తా సున్నం కొని పొడిగానే ఇసుకలో కలుపుతాడు. మూడో ఆయన త్వరగా గట్టిపడాలని సిమెంట్ కూడా వేస్తాడు. కాగితం ప్రకారం మొదటి ఇద్దరినీ తప్పుపట్టలేం. మూడో ఆయన కూడా ‘సిమెంట్ వద్దని ఎక్కడ రాశారు?’ అని అడగగలడు. అందుకే నిబంధనలో ముందు తేల్చాల్సింది నిష్పత్తి కాదు, ఏ సున్నం అన్నది.

చెన్నై జార్జ్‌టౌన్‌లో, కొత్వాల్ చావడి పక్క సందుల్లో మన తెలుగు వర్తక కుటుంబాల పాత ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో కింది అంతస్తు సరుకు గది గోడను తీసుకుందాం. ఇటుక గోడ, డంగు సున్నంతో కట్టింది. నేల నుంచి చెమ్మ ఎక్కుతోందని ఎప్పుడో మూడడుగుల ఎత్తు వరకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేశారు. ఇప్పుడు ఆ సిమెంట్ చెక్కుచెదరకుండా ఉంది, దానిపైన ఉన్న పాత గార మాత్రం ఉబ్బి, తెల్లగా ఉప్పు తేలి, చేత్తో తడిమితే పొడిగా రాలుతోంది. సిమెంట్ గుండా ఆరలేని నీరు ఇంకా పైకి ఎక్కి, దొరికిన మొదటి మెత్తని చోట బయటికొచ్చింది. అక్కడ ఆరిపోతూ ఉప్పును వదిలింది. ఆ ఉప్పే గారను లోపలి నుంచి పొడి చేసింది. మరమ్మతు చేయాల్సిన భాగం 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తు. ఇక్కడ ఏ సున్నం మేలు?

మొదటిది సైటులోనో, వేరే చోటో కాల్చిన సున్నాన్ని నీళ్లలో వేసి చల్లార్చి, జల్లించి, పైన నీళ్లు నిలిచేలా నానబెట్టిన ముద్ద. మద్రాసులో దీనికి వాడినది ఎక్కువగా గుల్ల సున్నం, పులికాట్ వైపు నుంచి వచ్చే గుల్లలను కాల్చి చేసినది. భారతీయ ప్రమాణం ఐఎస్ 712 ప్రకారం ఇది సి తరగతి, అంటే గాలి తగిలితేనే గట్టిపడే సున్నం. ముద్ద ఎంత నానితే అంత జిగటగా, నునుపుగా తయారవుతుంది. తాపీకి బాగా లొంగుతుంది, ఆరేటప్పుడు నెర్రెలు తక్కువ. పునరుద్ధరణ పనుల్లో కనీసం మూడు నెలలు నానాలని రాయడం వాడుక. చిక్కల్లా జార్జ్‌టౌన్ సందుల్లో గుంట తవ్వే చోటు లేకపోవడం. మరుగుతున్న సున్నం పక్కన జనం తిరగడం కూడా ప్రమాదమే. కళ్లలో పడితే చూపుకే ముప్పు. కాబట్టి ముద్దను బయట తయారు చేసి మూత ఉన్న డ్రమ్ముల్లో తేవాలని నిబంధనలోనే రాయాలి.

రెండోది బస్తాలో దొరికే హైడ్రేటెడ్ లైమ్. ఇదీ అదే పదార్థం, కాకపోతే ఫ్యాక్టరీలో సరిపడా నీళ్లతోనే చల్లార్చి పొడి చేసింది. సులువుగా దొరుకుతుంది, చిన్న పనికి అనువు. దీనితో వచ్చే ఇబ్బంది వయసు. తెరిచిన బస్తా చెన్నై తేమలో కొన్ని వారాలుంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయి పొడిగా మారిపోతుంది. చూడటానికి అదే తెలుపు, పట్టు మాత్రం ఉండదు. దీన్ని సైటులోనే కనిపెట్టవచ్చు. చెంచా పొడి నీళ్లలో కలిపి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా వేయాలి. మంచి సున్నం వేడెక్కి, పెద్దగా నురగ లేకుండా కరుగుతుంది. పాతబడ్డదైనా, సుద్దపొడి కలిసినదైనా సోడాలా పొంగుతుంది. అలా పొంగిన బస్తాను సైటు నుంచి పంపేయాలి.

ఇక్కడే 1:3లో దాగిన అసలు తేడా బయటపడుతుంది. లీటరు ముద్దలో సుమారు 600 గ్రాముల సున్నం ఉంటే, లీటరు బస్తా పొడిలో సుమారు 500 గ్రాములే ఉంటుంది, వదులుగా పోస్తే అంతకన్నా తక్కువ. మన గోడకు లెక్క వేద్దాం. 3.6 చదరపు మీటర్లు, 20 మిల్లీమీటర్ల మందం అంటే 72 లీటర్ల గార, వృథాతో కలిపి 80 లీటర్లు. ఇసుక సందులను సున్నం నింపుతుంది కాబట్టి 80 లీటర్ల ఇసుకకు 27 లీటర్ల సున్నం కావాలి. ముద్దగా కొలిస్తే గోడకు 16 కిలోల సున్నం చేరుతుంది, పొడిగా కొలిస్తే 13 కిలోల పైచిలుకు. అంటే అదే 1:3, కానీ ఆరో వంతు తక్కువ. ఈ లోటుకు తోడు తడి ఇసుక ఉబ్బి నాలుగో వంతు దాకా ఎక్కువ జాగా తీసుకుంటుంది. దాన్ని పొడి ఇసుకలాగే కొలిస్తే ఇసుక తగ్గిపోతుంది, నిష్పత్తి ఇంకో దిక్కుకు జారుతుంది. అందుకే నిబంధనలో “సున్నాన్ని ముద్దగా, ఇసుకను పొడిగా, గుర్తు పెట్టిన బక్కెట్టుతో కొలవాలి, పారతో కొలవకూడదు” అని రాయాలి. బస్తా సున్నమైతే ముందురోజే నీళ్లలో నానబెట్టి ముద్ద చేసుకోవాలి. ఈ ఒక్క షరతుతో రెండు రకాల మధ్య తేడా చాలావరకు తగ్గిపోతుంది.

ఇసుక సందులు నిజంగా మూడో వంతేనా అన్నదీ చూసుకోవచ్చు. లీటరు కొలపాత్రను పొడి ఇసుకతో నింపి, పైకి తేలేదాకా నీళ్లు పోయండి. ఎన్ని నీళ్లు పట్టాయో అంత ముద్ద కావాలి. 330 మిల్లీలీటర్లు పడితే 1:3 సరి. 400 పడితే ఇసుకలో అన్నీ ఒకే సైజు గింజలున్నాయన్నమాట, 1:2.5కి మార్చాలి. సముద్రపు ఇసుక ఏ పరిస్థితిలోనూ వద్దు. ఉప్పుతో బాధపడుతున్న గోడకు ఇంకా ఉప్పు చేర్చినట్టవుతుంది.

మూడోది ఎన్‌హెచ్‌ఎల్, సహజ హైడ్రాలిక్ సున్నం. మట్టి కలిసిన సున్నపురాయిని కాల్చి చేసేది కావడంతో నీటితోనే కొంత గట్టిపడుతుంది. 2, 3.5, 5 అని మూడు రకాలు. 3.5 అంటే 28 రోజులకు కనీసం 3.5 మెగాపాస్కల్స్ బలం. ఎప్పుడూ తడిసే బయటి గోడకు, గాలి సరిగా ఆడని చోట ఇది మేలు. అయితే ఎక్కువగా విదేశాల నుంచి రావాలి, ధర స్థానిక సున్నానికి ఎన్నో రెట్లు. మన గది లోపలి గోడలో మెత్తని పాత ఇటుకలున్నాయి. గార ఇటుక కన్నా మెత్తగా ఉండి, ఉప్పును తానే భరించి అరిగిపోవాలి. ఇక్కడ ఎన్‌హెచ్‌ఎల్ 5 రాయడం తప్పు, 3.5 రాయడం అనవసరపు ఖర్చు.

అదే నీటి గట్టిదనాన్ని మనవాళ్లు సుర్కీతో తెచ్చుకున్నారు. తక్కువ మంటలో కాలిన ఇటుకను మెత్తగా దంచిన పొడి ఇది. సున్నంతో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. మాడిపోయి నల్లబడ్డ ఇటుకను దంచితే ఎర్రటి రంగు పొడి వస్తుందేమో గానీ, ఆ గుణం ఉండదు. ఇసుకలో కలిపిన మామూలు పొడితో సమానం. కాబట్టి “మెత్తగా కాలిన ఇటుక నుంచి, ఐఎస్ 1344 ప్రకారం” అని రాయాలి. నా ఎంపిక మన గోడకు 2 పాళ్లు ముద్ద, 1 పాలు సుర్కీ, 5 పాళ్లు ఇసుక. అంటే 27, 13, 67 లీటర్లు. ముద్ద, ఇసుక ముందే కలిపి గానుగలోనో, మర్దించే మిక్సర్‌లోనో బాగా నలిపి, మూసి ఉంచుకోవచ్చు. సుర్కీ మాత్రం వాడే రోజే కలపాలి, కలిపింది ఆ రోజే అయిపోవాలి. మర్నాటికి మిగిలినదాన్ని నీళ్లు చల్లి మళ్లీ కలపడాన్ని నిషేధించాలి.

సిమెంట్ విషయంలో మేస్త్రీలతో వాదన తప్పదు. “ఒక్క తట్ట సిమెంట్ వేస్తే పొద్దున్నకే పట్టుకుంటది సార్, సుర్కీ ఎందుకు?” అంటారు. పట్టుకోవడం నిజమే. కానీ కొద్దిపాటి సిమెంట్ సున్నాన్ని గట్టిపడనివ్వకుండా తాను మాత్రం ముందు బిగుసుకుంటుంది. ఆ మిశ్రమం ఉత్త సున్నపు గారకన్నా బలహీనంగా తేలిందని ఇంగ్లండ్‌లో 1990లలో చేసిన స్మీటన్ ప్రయోగాలు చెప్పాయి. ఈ గదిలో ఇప్పటికే జరిగిందీ కనిపిస్తోంది. నిబంధనలో ఒక్క మాట సరిపోతుంది: “ఏ దశలోనూ, ఏ మోతాదులోనూ సిమెంట్, జిప్సం, అక్రిలిక్ కలపకూడదు.”

వేసే పద్ధతి మూడింటికీ దాదాపు ఒకటే. సిమెంట్ మొత్తం తీసి, కదిలే పాత గారను దాటి మరో 15 సెంటీమీటర్లు పైకి చెక్కాలి. ఇటుకల మధ్య సందులను 10 మిల్లీమీటర్ల లోతు గీకి, బ్రష్‌తో దుమ్ము దులపాలి. గోడ తడిగా ఉండాలి, నీళ్లు మెరవకూడదు. 20 మిల్లీమీటర్లను ఒకేసారి వేస్తే జారుతుంది, లేదా వెనక డొల్ల అవుతుంది. పదేసి మిల్లీమీటర్లుగా రెండు పూతలు వేసి, మొదటిదాన్ని గీతలు గీసి వదలాలి. బొటనవేలితో నొక్కితే గోరు గుర్తు పడాలి, వేలు దిగకూడదు. అప్పుడు రెండో పూత. సన్నటి నెర్రెలు కనిపిస్తే గార ఇంకా పచ్చిగా ఉండగానే చెక్కతో గట్టిగా రుద్ది మూయాలి.

క్యూరింగ్ దగ్గరే ఎక్కువ గోడలు పాడవుతాయి. సిమెంట్ అలవాటుతో మేస్త్రీ రోజూ పైపుతో నీళ్లు కొడతాడు. సున్నం గట్టిపడాలంటే గాలి లోపలికి వెళ్లాలి. రంధ్రాల నిండా నీళ్లుంటే గాలి దూరదు, పూర్తిగా ఎండిపోతే చర్యే ఆగిపోతుంది. సుర్కీకి మొదటి వారం తేమ తప్పదు. కాబట్టి ఏడు రోజులు తడి గోనె సంచులను గోడకు తగలకుండా వేలాడదీసి, పొద్దున సాయంత్రం సన్నటి తుంపర చల్లించాలి. తర్వాత నెమ్మదిగా ఆరనివ్వాలి. చెన్నైలో కత్తిరి ఎండల్లో ఫ్యాన్ గాలికి కూడా పూత నెర్రెలిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వేళ గోడలు ఆరవు. జనవరి నుంచి మార్చి వరకు పని పెట్టుకుంటే సగం టెన్షన్ తప్పుతుంది.

నెల తర్వాత గోరంత ముక్కను కొట్టి, విరిగిన పక్క మీద ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేయండి. గులాబీ రంగు వచ్చిన చోట సున్నం ఇంకా గాలికి గట్టిపడలేదు, రంగు రాని పైపొర గట్టిపడింది. లోపల గులాబీ రావడం లోపం కాదు. పైపొరలోనే మొత్తం గులాబీ అయితే గోడ తడిలో మునిగి ఉందనో, ముందే ఎండిపోయిందనో అర్థం. ఆరకముందే రంగు వేయకూడదు. వేస్తే సున్నపు వెల్లే వేయాలి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే సిమెంట్ కథే మళ్లీ మొదలవుతుంది.

ఈ గోడకు మూడు నెలల ముద్ద దొరికితే, పని తొందర లేకపోతే అదే రాస్తాను. దొరకకపోతే ఆమ్లం పరీక్షలో నెగ్గిన బస్తా సున్నం, ముందురోజు నానబెట్టి, సుర్కీతో. ఇంత చిన్న పనిలో ఈ రెండింటి తేడా కన్నా కొలతలో, క్యూరింగ్‌లో వచ్చే తేడాయే పెద్దది. ఎన్‌హెచ్‌ఎల్ 3.5ని వీధివైపు వానకు తడిసే గోడ ఉంటే దానికి ఉంచుకుంటాను. నిబంధన చివర ఒక చదరపు మీటరు నమూనా పూత తప్పనిసరి చేయండి. దానిని నాలుగు వారాలు ఆగి, తట్టి, గీకి, ఫినాల్ఫ్తలీన్ చూసి ఒప్పుకున్నాకే మిగతా గోడకు పని మొదలుపెట్టాలి. నేల చెమ్మకు వేరే మార్గం చూడకపోతే ఏ సున్నమైనా కొన్నేళ్లకు మళ్లీ ఉప్పు తేలుతుంది, కాబట్టి ఆ నమూనా అద్దిన రోజే యజమానికి ఈ మాట కూడా చెప్పి సంతకం తీసుకోండి.